నీ కోర్టు సీన్ గురించి

విశాఖపట్నం

తమ్ముడూ,

కథ చదివాను. ఫిషింగ్ హార్బర్ వర్ణన బాగుంది, కోర్టు సీన్ మాత్రం నిలబడదు. టీకొట్టు సింహాచలం బోనెక్కి, "సూరి కత్తితో పొడవడం చూశానని అప్పన్న నాతో అన్నాడండీ" అంటాడు. జడ్జి అది రాసుకుని సూరికి శిక్ష వేసేస్తాడు. నిజం కోర్టులో డిఫెన్స్ లాయరు అక్కడే లేచి నిలబడతాడు. చూసింది అప్పన్న. అతణ్ణి క్రాస్ చెయ్యాలి: వెలుతురు ఎంత ఉంది, ఎంత దూరంలో నిలబడ్డాడు, సూరితో పాత తగాదాలేమన్నా ఉన్నాయా అని. సింహాచలాన్ని ఇవి అడిగి ఏం లాభం? అందుకే చూసినవాడే వచ్చి చెప్పాలని చట్టం. పాత ఎవిడెన్స్ చట్టంలో ఇది సెక్షన్ 60. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 55.

అయితే అప్పన్న ఆ మాట అన్నాడన్నంత వరకే కావాలంటే, అంటే భయపడి ఊరొదిలి ఎందుకు పోయాడో చెప్పడానికైతే, సింహాచలం చెప్పొచ్చు. ఏం రుజువు చెయ్యడానికి ఆ మాట తెస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

నీ కథకి పనికొచ్చే మినహాయింపు మరణ వాంగ్మూలం, అంటే చనిపోయినవాడు తన చావు గురించి చెప్పి వెళ్లిన మాట. ఇప్పుడది సెక్షన్ 26. అందరూ కేజీహెచ్ ఆసుపత్రిలో మంచం పక్కన మేజిస్ట్రేటు రాసుకునేదే అనుకుంటారు. చట్టం అంతకంటే విశాలం. 1939లో, అప్పట్లో మనకి అన్నిటికంటే పై కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్ తీర్పిచ్చిన కేసు చూడు, అందులో నిందితుడు పాకాల నారాయణస్వామి. పిఠాపురం మనిషి ఒకడు, తనకు రావలసిన బాకీ తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నానని భార్యతో చెప్పి బయల్దేరాడు. తర్వాత పూరీ స్టేషన్లో, రైలుపెట్టెలోని ట్రంకులో అతని శవం ముక్కలుగా దొరికింది. చెప్పేటప్పటికి అతనికి చావు ఊహలో కూడా లేదు. ఇంగ్లండు పాత పద్ధతిలో అయితే ఆ మాట చెల్లేది కాదు, చావు తప్పదని తెలిసి చెప్పి ఉండాలి. ఇక్కడ మాత్రం చావుకి దారితీసిన పరిస్థితుల్లో అదీ ఒకటని భార్య సాక్ష్యాన్ని ఒప్పుకున్నారు. అలాగని "వాడంటే నాకు భయం" అని ఎప్పుడో అన్న మాట చెల్లదు. చావుతో నేరుగా ముడిపడాలి.

కాబట్టి హతుడు ఇంట్లోంచి బయల్దేరుతూ భార్యతో, "సూరి డబ్బులిస్తానన్నాడు, హార్బర్‌కి వెళ్లొస్తా" అన్నట్టు రాయి. ఆ ఒక్క మాటతో శిక్ష పడదనుకో, కానీ సూరిని కలవడానికే వెళ్లాడన్నది కోర్టు ముందుకి వస్తుంది.

మూడో భాగంలో ఇంకో చిక్కుంది. కత్తిపోట్లు తిన్న రెండోవాడు మేజిస్ట్రేటుకి వాంగ్మూలమిచ్చి, తర్వాత బతికి బట్టకట్టాడు. అయినా నీ ప్రాసిక్యూటరు దాన్ని మరణ వాంగ్మూలంగానే చదివేస్తున్నాడు. మనిషి బతికాక అది కుదరదు. అతనే బోనెక్కి చెప్పాలి, ఆ కాగితం అతని మాటని బలపరచడానికో, మాట మారిస్తే నిలదీయడానికో పనికొస్తుంది. నాకైతే ఆ నిలదీసే సీనే నువ్వు రాసినదానికంటే రంజుగా ఉంటుందనిపిస్తోంది.

తిరగరాశాక పంపు.

మీ అన్నయ్య