మెషీన్ల ప్రివెంటివ్ మెయింటెనెన్స్, అదే పీఎమ్, ఏ రోజు పెట్టాలి?

నాలుగు మౌల్డింగ్ మెషీన్లు, నలుగురే ఆపరేటర్లు, ఎవరో ఒకరు లీవ్, మధ్యలో పీఎమ్. షెడ్యూల్ ఎలా వేయాలి?

ముందు ఆపరేటర్ గంటలు లెక్కేయండి, మెషీన్ గంటలు తర్వాత. 8 గంటల షిఫ్ట్‌లో 4 మెషీన్లంటే కాగితం మీద 32 గంటలు, కానీ గురువారం ఒకరు లీవ్ అయితే నడిచేది 24 గంటలే, ఒక మెషీన్ ఎలాగూ ఖాళీ కాబట్టి పీఎమ్ ఆరోజే పెట్టేస్తే అదనంగా పోయేదేం లేదు, అదే నలుగురూ ఉన్న శుక్రవారం పెడితే ఇంకో 8 గంటలు గోవిందా. పెద్ద డై ఆ ఒక్క మెషీన్‌కే పడుతుంటే మాత్రం ఆ పార్టులు ముందే కొట్టి స్టాక్ పెట్టుకోవాలి. ఇంకోటి, ఫిట్టర్ పని అయిపోగానే ప్రొడక్షన్ రాదు, బ్యారెల్ వేడెక్కి ట్రయల్ షాట్లు బాగొచ్చేదాకా పట్టే టైమ్ కూడా పీఎమ్‌లోనే కలపండి, చాలామంది ప్లాన్ తప్పేది ఇక్కడే.