82% ఎడిటింగ్ జరిగినా ప్రోటీన్ ఎందుకు పోలేదు? ఆఫ్-టార్గెట్ సంగతేంటి?

*"హెచ్ఈకే293 కణాల్లో క్యాస్9 ప్లాస్మిడ్‌తో ఒక జీన్ నాకౌట్ చేస్తున్నాను. సాంగర్ డేటా ICEలో వేస్తే 82% ఇండెల్స్ అంటోంది. వెస్టర్న్ బ్లాట్‌లో బ్యాండ్ మాత్రం సగమే తగ్గింది. గైడ్ GACTTGCAGAGTCGTCATCC, పామ్ TGG. గైడ్ వేరే చోట కోస్తోందా?"*

వేరే చోట కోసినంత మాత్రాన మీ ప్రోటీన్ మిగిలిపోదు. మీ గైడ్ కోయాల్సిన చోటే కోస్తోంది, చిక్కంతా ఆ కోత అతుక్కునే తీరులో ఉంది.

క్యాస్9 ముందు NGG పామ్‌ను వెతుక్కుంటుంది. అది దొరికాక పక్కనున్న డిఎన్ఏ పోగులను విడదీసి, పామ్ వైపు నుంచి గైడ్‌తో ఒక్కో అక్షరం జత కుదురుతుందేమో చూస్తుంది. కుదిరితే పామ్‌కి మూడు అక్షరాల ముందు రెండు పోగులనూ కోస్తుంది. మీ గైడ్‌లో అది 17, 18 అక్షరాల మధ్య:

```
కోత  GACTTGCAGAGTCGTCA|TCC TGG
+1   GACTTGCAGAGTCGTCAATCC TGG
-3   GACTTGCAGAGTCGTCC TGG
-6   GACTTGCAGAGTCC TGG
```

కోత తరచుగా ఒక అక్షరం మెట్టుతో పడుతుంది. కణం ఆ ఖాళీని పూరించి అతికిస్తే 17వ అక్షరం రెండుసార్లు వస్తుంది, అదే +1. ఇది మీకు కావలసిన ఫ్రేమ్‌షిఫ్ట్. ఇక కోతకు కుడిపక్క TC ఉంది చూడండి. ఎడమ పక్క 15-16 దగ్గరా, 12-13 దగ్గరా అదే TC మళ్లీ ఉంది. తెగిన కొసలు ఇలాంటి చిన్న పోలికలను పట్టుకుని అతుక్కుంటే మధ్య భాగం పోతుంది. మీ విషయంలో పోయేది సరిగ్గా మూడు, లేదా ఆరు అక్షరాలు. ఫ్రేమ్ చెదరదు. ప్రోటీన్‌లో ఒకటో రెండో అమైనో ఆమ్లాలు తగ్గుతాయంతే, బ్యాండ్ అక్కడే ఉంటుంది.

ICE ఫలితంలో మొత్తం శాతం కాదు, విడివిడి ఇండెల్స్ పట్టిక చూడండి. ఉదాహరణకు +1 34%, -3 25%, -6 9%, మిగతా ఫ్రేమ్‌షిఫ్టులు 14%, మారనివి 18% అనుకుందాం. ఎడిటింగ్ 82 శాతమే, కానీ నిజంగా పనికొచ్చేది 48. హెచ్ఈకే293లో చాలా జీన్లకు మూడు కాపీలుంటాయి. మూడూ చెడాలంటే, ఒక్కో కాపీ విడిగా తెగుతుందనుకుంటే, 0.48 × 0.48 × 0.48, అంటే నూటికి 11 కణాలే. బ్లాట్ సగానికి ఆగిందంటే వింతేమీ లేదు. ప్రోటీన్ నెమ్మదిగా క్షీణించేదైతే మూడో రోజు చూసినా పాతదే కనిపిస్తుంది, అది వేరే సంగతి.

నేనైతే ఈ గైడ్‌ని సరిదిద్దే పని పెట్టుకోను, మారుస్తాను. 17వ అక్షరం T లేదా A అయి, కోతకు అటూ ఇటూ మూడు గుణిజాల దూరంలో పోలికలు లేనిది తీసుకోండి. inDelphi ఇండెల్స్‌ను ముందే అంచనా వేస్తుంది. అన్ని ట్రాన్‌స్క్రిప్టుల్లోనూ ఉండే ఎక్సాన్‌ను ఎంచుకోండి. మొదటి ఎక్సాన్‌లో కోస్తే, కింద అదే ఫ్రేమ్‌లో ఉన్న మరో ATG నుంచి పొట్టి ప్రోటీన్ మొదలవ్వచ్చు.

ఆఫ్-టార్గెట్ విషయానికొస్తే, తేడాల సంఖ్య కన్నా అవి ఎక్కడున్నాయన్నది ముఖ్యం. జత పామ్ వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి అక్కడి 10-12 అక్షరాల్లో తేడా ఉంటే చాలా వరకు కోత ఆగిపోతుంది. 19వ అక్షరం ఒక్కటే తేడా ఉన్న చోటు కన్నా, 2, 5 అక్షరాలు రెండూ తేడా ఉన్న చోటు ఎక్కువ ప్రమాదం.

ప్లాస్మిడ్ రోజుల తరబడి క్యాస్9ను తయారుచేస్తూనే ఉంటుంది, బలహీనమైన చోట్ల కూడా కోయడానికి అంత సమయం దొరుకుతుంది. 100 పికోమోల్ క్యాస్9 ప్రోటీన్, 120 పికోమోల్ గైడ్ ఆర్ఎన్ఏ గది వేడిమిలో పది నిమిషాలు కలిపి ఉంచి, సుమారు రెండు లక్షల కణాల్లోకి ఎలక్ట్రోపొరేషన్‌తో పంపండి. ఒకటి రెండు రోజుల్లో అది చాలావరకు కణంలోనే క్షీణిస్తుంది. హై-ఫిడిలిటీ క్యాస్9 వాడితే ఇంకా మంచిది, కొన్ని గైడ్లతో అసలు చోట కూడా కోత తగ్గుతుందన్నది గుర్తుంచుకోండి.

క్లోన్లు తీశాక పరీక్ష సులువవుతుంది. పూల్‌లో 0.1% ఉన్న కోత సీక్వెన్సింగ్ తప్పుల్లో కలిసిపోతుంది. క్లోన్‌లో అయితే ఒక్కో కాపీలో అది ఉంటుంది, లేదంటే ఉండదు. అనుమానమున్న ఐదారు చోట్లు పిసిఆర్ చేసి సాంగర్‌కి పంపితే తేలిపోతుంది. ఆ జాబితాలో లేని చోట్ల మాటేమిటంటే, వేరే గైడ్‌తో తీసిన క్లోన్ కూడా అదే లక్షణం చూపాలి. పామ్ మార్చిన సీడిఎన్ఏ తిరిగి పెడితే ఆ లక్షణం పోవాలి.

ఎక్కువమంది మరిచిపోయేది అసలు చోట జరిగే పెద్ద నష్టం. ఒక కాపీలో వేల బేసులు ఊడిపోతే ప్రైమర్ కూర్చునే చోటు కూడా పోతుంది. 300 బేసుల పిసిఆర్‌లో మిగిలిన కాపీలే కనిపించి, అన్నిటిలోనూ ఒకే మార్పు ఉన్నట్టు శుభ్రమైన సీక్వెన్స్ వస్తుంది. అలాంటి క్లోన్‌ని వెంటనే నమ్మకండి. కోతకు రెండు వైపులా దూరంగా ప్రైమర్లు పెట్టి ఐదు వేల బేసుల పిసిఆర్ చేయండి, క్యూపిసిఆర్‌తో ఆ చోటి కాపీల సంఖ్యను మారని కణాలతో పోల్చండి.