వాట్సాప్‌లో ఫొటో క్వాలిటీ పోకుండా పంపడం ఎలా?

"మా అక్క పెళ్లి ఫొటోలు వాట్సాప్‌లో పంపింది. ఫోన్‌లో బాగానే ఉన్నాయి, ల్యాబ్‌వాళ్లు మాత్రం ప్రింట్‌కు పనికిరావంటున్నారు. ఏం చేయాలి?"

ల్యాబ్‌వాళ్ల మాట నిజమేనండీ. మామూలుగా ఫొటోగా పంపితే, డేటా ఆదా కోసం వాట్సాప్ దాన్ని కుదించి, మళ్లీ కంప్రెస్ చేస్తుంది. 4000×3000 పిక్సెళ్ల ఫొటో సాధారణంగా 1600×1200 దగ్గరికి వచ్చేస్తుంది. ఫోన్ తెర చిన్నది కాబట్టి తేడా తెలియదు. అదే 18 అంగుళాల ప్రింట్ వేస్తే అంగుళానికి 90 పిక్సెళ్లు కూడా రావు, ముఖాలు అలుక్కుపోతాయి. మంచి ప్రింట్‌కు 200 పైన ఉండాలి.

మీ దగ్గరున్న కాపీని ఏం చేసినా పోయిన వివరం తిరిగి రాదు. అక్కగారి ఫోన్‌లో ఒరిజినల్స్ ఉంటే ఆవిడనే మళ్లీ పంపమనండి. చాట్‌లో అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ బదులు డాక్యుమెంట్ ఎంచుకుని, అందులోంచి ఫొటో పంపాలి. అప్పుడు ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. HD ఆప్షన్ కొంత మెరుగే గానీ అదీ కంప్రెస్ చేస్తుంది, ప్రింట్‌కు దాన్ని నమ్ముకోకండి.

పంపేముందు ఆవిడ ఫైల్ పేరు చూసుకోవాలి. ఆండ్రాయిడ్‌లో IMG-20240512-WA0007.jpg లాగా WA ఉంటే అది వాట్సాప్‌లో వచ్చిన కాపీయే, డాక్యుమెంట్‌గా పంపినా లాభం లేదు. వందల ఫొటోలుంటే గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్ పెట్టి లింక్ ఇవ్వడం తేలిక.