పడుతున్న షేరును మళ్లీ మళ్లీ కొన్నాక, గిట్టుబాటు ధర ఎంత?

ప్రశ్న: ఒక కంపెనీ షేర్లు 420 రూపాయల దగ్గర 100 కొన్నాను. పడుతోందని 350 దగ్గర 150, మళ్లీ 290 దగ్గర 250 తీసుకున్నాను. నా లెక్కకు సగటు 353 వస్తోంది, యాప్‌లో మాత్రం 334 చూపిస్తోంది. మూడో రోజు ఇంకో కంపెనీ షేర్లు కూడా 25,000 రూపాయలకు కొన్నాను. మూడు కాంట్రాక్ట్ నోట్లూ పంపుతున్నాను. ఎంతకు అమ్మితే నా డబ్బు నాకు వస్తుంది సార్?

జవాబు: మొత్తం 500 షేర్లూ ఒకేసారి అమ్మేటట్లయితే 337 రూపాయల 20 పైసలు రావాలి. మీ 353 అసలు లెక్కలోకే రాదు. మూడు ధరలను కూడి మూడుతో భాగించారు, కానీ 420 దగ్గర కొన్నవి వందే, 290 దగ్గర కొన్నవి 250. యాప్ చూపే 334 కొంతవరకు సరైనదే. 42,000, 52,500, 72,500 కలిపితే 1,67,000. దాన్ని 500తో భాగిస్తే 334. అయితే అందులో చార్జీలు లేవు. మీ జేబులోంచి పోయింది అంతకంటే ఎక్కువ.

ఎంత ఎక్కువో బ్రోకరు పంపే కాంట్రాక్ట్ నోట్‌లోనే ఉంటుంది. పైన ట్రేడ్ ధర, బ్రోకరేజీ ఉంటాయి. కింద షేర్ల లావాదేవీల మీద పడే పన్ను ఎస్టీటీ, జీఎస్టీ, స్టాంపు డ్యూటీ, ఎక్స్చేంజ్ చార్జీలు వేసి చివర మీరు కట్టాల్సిన నికర మొత్తం ఇస్తారు. మనకు కావలసింది ఆ చివరి అంకె. చాలామంది ‘నెట్ రేట్’ అన్న గడి చూసి ఆగిపోతారు. అందులో బ్రోకరేజీ కలిసి ఉంటుంది కానీ ఎస్టీటీ, స్టాంపు డ్యూటీ లాంటివి ఉండవు.

మొదటి నోట్‌లో నికర మొత్తం 42,198.20, రెండో దానిలో 52,748.75. మూడో నోట్ దగ్గరే చిక్కు. అక్కడున్న 97,961.68లో రెండు కంపెనీలూ కలిసిపోయాయి. ఆ రోజు కొన్నది మొత్తం 97,500, కాబట్టి చార్జీలు 461.68. వీటిని కొన్న విలువను బట్టి పంచాలి. 72,500ను 97,500తో భాగించి 461.68తో గుణిస్తే ఈ షేరు వాటా సుమారు 343.30 వస్తుంది. అంటే దీనికి అయిన ఖర్చు 72,843.30. పైసల్లో తేడా వచ్చినా టెన్షన్ పడకండి, ఎస్టీటీ, స్టాంపు డ్యూటీలను దగ్గరి రూపాయికి సరిచేయడం వల్ల అలా జరుగుతుంది.

మూడూ కలిపితే 1,67,790.25. షేరుకు 335.58 పడింది. ఇది కొన్న ఖర్చు మాత్రమే, అమ్మేటప్పుడూ కోత ఉంటుంది. మీ బ్రోకరు 0.3 శాతం తీసుకుంటున్నారు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఎస్టీటీ అమ్మకం మీద కూడా 0.1 శాతమే. స్టాంపు డ్యూటీ కొనుగోలుకే కాబట్టి అమ్మకంలో ఉండదు. ఎక్స్చేంజ్ చార్జీలు కూడా చేరిస్తే నూటికి దాదాపు 46 పైసలు. ఇవి కాక, అమ్మిన షేర్లు డీమ్యాట్ ఖాతాలోంచి బయటికి వెళ్లినందుకు డీపీ చార్జీ ఉంటుంది. అది ఎక్కువగా కాంట్రాక్ట్ నోట్‌లో కనిపించదు, లెడ్జర్‌లో విడిగా పడుతుంది. 20 రూపాయలు అనుకున్నాను, మీ బ్రోకరు రేటు చూసుకోండి. ఇది ఒక్కో కంపెనీకి, అమ్మిన ప్రతి రోజుకూ పడుతుంది. అయిదు రోజుల్లో విడతలుగా అమ్మితే అయిదుసార్లు కడతారు.

ఖర్చుకు ఆ 20 కలిపి, నూటికి 46 పైసలు పోగా మిగిలేది రూపాయికి 0.9954 కాబట్టి దానితో భాగించి, మళ్లీ 500తో భాగిస్తే 337.17 దగ్గర తేలుతుంది. సరిచూద్దాం. 337.20కి అమ్మితే 1,68,600 వస్తుంది. చార్జీలు సుమారు 792 పోతే చేతికి వచ్చేది 1,67,808. పెట్టిన దానికంటే 18 రూపాయలు ఎక్కువ.

యాప్ సగటుకూ దీనికీ తేడా షేరుకు 3 రూపాయల పైనే. డెలివరీకి బ్రోకరేజీ లేని బ్రోకరు దగ్గరైతే ఇదే లెక్కలో తేడా 80 పైసల్లోపు ఉండేది. తరచూ విడతలుగా కొనే అలవాటుంటే ఈ బ్రోకరేజీ గురించి వాళ్లతో ఒకసారి మాట్లాడమనే చెబుతాను.

సగం అమ్మేద్దామని అనిపిస్తే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. డీమ్యాట్ షేర్లలో ఆదాయపు పన్ను లెక్కకు ముందు కొన్నవే ముందు అమ్మినట్టు. 338 దగ్గర 250 అమ్మితే పోయేవి 420, 350 దగ్గర కొన్నవే. వాటి ఖర్చు 94,500, వచ్చేది 84,500. సగటు కంటే ఎక్కువకే అమ్మినా పన్ను లెక్కలో దాదాపు 10,000 నష్టం కనిపిస్తుంది. దీనికి బ్రోకరేజీ కలుపుకోవచ్చు, ఎస్టీటీని మాత్రం కలపనివ్వరు. ఇదే పద్ధతి పాటించే యాప్‌లో మిగిలిన 250 షేర్ల సగటు ఒక్కసారిగా 290కి దిగుతుంది. అది చూసి లాభం వచ్చిందని అనుకోకండి, ఆ 10,000 నష్టం అమ్మేసిన వాటితో వెళ్లిపోయింది.