సమతాస్థితి జరిగితే స్థిరాంకం మారినట్టేనా?

సందేహం: మా ఇంటర్ రసాయనశాస్త్రం నోట్సులో 'హైడ్రోజన్ కలిపితే సమతాస్థితి కుడివైపు జరుగుతుంది' అని ఉంది. దాని కిందే 'సమతాస్థితి స్థిరాంకం మారదు' అని ఉంది. జరిగాక మారకుండా ఎలా ఉంటుందండీ? ఉష్ణోగ్రత పెంచినప్పుడు కూడా 'జరుగుతుంది' అనే రాస్తున్నారు. రెండుచోట్లా ఒకే మాట వాడవచ్చా?

సమాధానం: వాడవచ్చు. కాకపోతే వాక్యంలో కర్త ఏదో స్పష్టంగా ఉండాలి. జరిగేది సమతాస్థితి స్థానం, అంటే పాత్రలో ఏ పదార్థం ఎంత ఉందన్న లెక్క. స్థిరాంకం వేరు. 'సమతాస్థితి' అని మాత్రమే రాసి ఊరుకుంటే చదివేవారికి ఈ రెండూ కలిసిపోతాయి. అందుకే 'సమతాస్థితి స్థానం కుడివైపు జరిగింది' అని పూర్తిగా రాయడం మేలు.

ఇది లెక్క వేసి చూస్తేనే మనసుకు పడుతుంది. H₂ + I₂ ⇌ 2HI చర్యనే తీసుకోండి. మూడూ వాయువులే. ఒక లీటరు మూసిన పాత్రలో హైడ్రోజన్, అయొడిన్ ఒక్కొక్క మోల్ చొప్పున ఉంచాం. లెక్క తేలిగ్గా ఉండేందుకు పాత్ర ఉన్న ఉష్ణోగ్రత వద్ద సమతాస్థితి స్థిరాంకం K విలువ 49 అనుకుందాం. సమతాస్థితి వచ్చేసరికి HI 1.556 మోల్‌లు ఉంటుంది. హైడ్రోజన్, అయొడిన్ చెరి 0.222 మిగులుతాయి. HI గాఢత వర్గాన్ని మిగతా రెండింటి లబ్ధంతో భాగిస్తే 49 వస్తుంది.

ఇప్పుడు ఉష్ణోగ్రత మార్చకుండా ఇంకో మోల్ హైడ్రోజన్ కలపండి. ఆ క్షణాన హైడ్రోజన్ 1.222 అవుతుంది, మిగతావి కదలవు. అదే సూత్రంలో ఈ విలువలు పెడితే వచ్చేది 8.9 మాత్రమే. సమతాస్థితిలో లేనప్పుడు ఇలా వచ్చే విలువను Q అంటారు. Q, K కంటే తక్కువగా ఉంది కాబట్టి పురోగామి చర్య పైచేయి అవుతుంది. Q మళ్లీ 49కి చేరేదాకా HI పెరుగుతూనే ఉంటుంది. చివరికి HI 1.867, హైడ్రోజన్ 1.067, అయొడిన్ 0.067 దగ్గర నిలుస్తాయి. భాగించి చూడండి, మళ్లీ 49. లెక్క మారింది, స్థిరాంకం మారలేదు. అయొడిన్ తగ్గింది కాబట్టి పాత్రలోని ఊదారంగు కూడా పలచబడుతుంది.

ఇక్కడే ఇంకో వాడుక పొరపాటు దొర్లుతుంది. లే చాటెలియర్ సూత్రాన్ని చెబుతూ 'వ్యవస్థ ఆ మార్పును రద్దు చేస్తుంది' అని రాస్తుంటారు. రద్దు కాదు, తగ్గించడమే. కలిపిన ఒక మోల్ హైడ్రోజన్‌లో ఖర్చయింది 0.156 మాత్రమే. కొత్త సమతాస్థితిలో హైడ్రోజన్ మొదటి 0.222 కంటే చాలా ఎక్కువగానే ఉంది. 'రద్దు' అని నేర్చుకున్న విద్యార్థి హైడ్రోజన్ పాత విలువకే తిరిగి వస్తుందనుకుంటాడు, లెక్క అక్కడే తప్పుతుంది.

ఉష్ణోగ్రత సంగతి వేరు. HI ఏర్పడే ఈ చర్య ఉష్ణమోచకం. కాబట్టి వేడి పెంచితే K విలువే తగ్గుతుంది. మొదటి పాత్రనే, హైడ్రోజన్ అదనంగా కలపకముందు వేడి చేశామనుకోండి. K 49 నుంచి 36కి తగ్గిందనుకుందాం. గాఢతలు ఇంకా కదలలేదు కాబట్టి Q 49 దగ్గరే ఉంది. ఇప్పుడు Q ఎక్కువ, K తక్కువ. అందుకే చర్య ఎడమవైపు నడుస్తుంది, HI 1.5కి తగ్గి, హైడ్రోజన్, అయొడిన్ చెరి 0.25కి పెరుగుతాయి. గాఢత మార్చినప్పుడు Q కదిలింది, K నిలబడింది. ఉష్ణోగ్రత మార్చినప్పుడు K కదిలింది, Q దాని వెంట వెళ్లింది. మీ నోట్సులోని 'స్థిరాంకం మారదు' అన్న వాక్యం హైడ్రోజన్ కలిపిన సందర్భానికే చెల్లుతుంది. దానికి ముందు 'ఉష్ణోగ్రత మారనంతవరకు' అని చేర్చుకోండి.

'వేడి చేస్తే పురోగామి చర్య నెమ్మదిస్తుంది' అని కూడా కొందరు రాస్తారు. అది తప్పు. వేడి చేస్తే రెండు చర్యల వేగమూ పెరుగుతుంది. తిరోగామి చర్యకు ఉత్తేజిత శక్తి ఎక్కువ కావాలి కాబట్టి దాని వేగం ఇంకా ఎక్కువ రెట్లు పెరుగుతుంది. ఆ తేడా వల్లే స్థానం ఎడమకు జరుగుతుంది. జవాబుపత్రంలో ఇలా రాయండి: 'ఉష్ణోగ్రత పెంచినప్పుడు రెండు చర్యలూ వేగం పుంజుకుంటాయి, ఉష్ణగ్రాహకమైన తిరోగామి చర్య వేగం ఎక్కువ రెట్లు పెరుగుతుంది, K తగ్గుతుంది, సమతాస్థితి స్థానం ఎడమవైపు జరుగుతుంది.'