రద్దు చేయాలనుకుంటున్నాం అని కాదు, రద్దు చేస్తున్నాం అని రాయండి

ప్రశ్న: ప్రింటర్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు వద్దని గడువుకు ముందే మెయిల్ పెట్టాం. అయినా ఇంకో ఏడాదికి బిల్లు పంపారు. మెయిల్ ఎలా రాసి ఉండాల్సింది?

ముందు మీ మెయిల్‌లో క్రియాపదం చూడండి. "రద్దు చేయాలనుకుంటున్నాం, ఏం చేయాలో చెప్పండి" అని ఉంటే అది విచారణ కిందికి వస్తుంది, నోటీసు కాదు. చాలా రద్దులు అక్కడే చెడతాయి.

రెండోది తేదీ. కాంట్రాక్టు మార్చి 31తో ముగుస్తుందనీ, కనీసం 60 రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే దానంతటదే ఇంకో ఏడాది కొనసాగుతుందనీ అనుకుందాం. మార్చి 31 నుంచి 60 రోజులు వెనక్కి లెక్కిస్తే జనవరి 30 వస్తుంది. "రెండు నెలలే కదా" అనుకుని జనవరి 31న పంపితే, లీపు సంవత్సరం అయితే తప్ప, ఒక్క రోజు తేడాతో ఏడాది డబ్బు కట్టాల్సి వస్తుంది. పైగా చాలా కాంట్రాక్టుల్లో లెక్క మీరు పంపిన రోజు నుంచి కాదు, వాళ్లకు అందిన రోజు నుంచి. పనివేళలు దాటాక వచ్చిన మెయిల్ మర్నాటి పనిదినాన అందినట్టు అని కూడా రాసుకుంటారు. కాబట్టి చివరి తేదీకి కనీసం పది రోజుల ముందే పంపాలి.

ఎవరికి పంపాలన్నది కాంట్రాక్టులో "నోటీసులు" అనే క్లాజులో ఉంటుంది. రోజూ మాట్లాడే సేల్స్ మనిషికి పంపితే చెల్లకపోవచ్చు. అక్కడ రిజిస్టర్డ్ పోస్టు తప్పనిసరి అని ఉంటే మెయిల్‌తో పాటు అదీ పంపాల్సిందే.

సబ్జెక్టు లైన్‌లో "రద్దు నోటీసు" అనీ, కాంట్రాక్టు నంబరూ ఉండాలి. బిల్లు మీద కనిపించేది తరచూ కస్టమర్ నంబరే. ఒకే కస్టమర్ నంబరు కింద మూడు కాంట్రాక్టులుంటే ఏది ఆపాలో వాళ్లకు తెలియదు. రెండు నంబర్లూ ఇవ్వండి. లోపల ఇంత చాలు:

"కాంట్రాక్టు నం. 40718, కస్టమర్ నం. 2265. క్లాజు 9 ప్రకారం ఈ కాంట్రాక్టును మార్చి 31తో రద్దు చేస్తున్నాం. ఇదే మా నోటీసు. ఆ తేదీ కుదరకపోతే, కాంట్రాక్టు అనుమతించే అతి దగ్గరి తేదీకి రద్దు చేసినట్టు పరిగణించండి. నోటీసు అందిన తేదీ, కాంట్రాక్టు ముగిసే తేదీ, చివరి బిల్లు మొత్తం 7 పనిదినాల్లోగా రాతపూర్వకంగా ధ్రువీకరించండి."

"అతి దగ్గరి తేదీ" వాక్యం తీసేయకండి. మీ లెక్క తప్పినా నోటీసు పూర్తిగా వృథా కాకుండా అదే కాపాడుతుంది.

కారణాలు రాయకండి. రాస్తే రద్దు పక్కకుపోయి డిస్కౌంటు బేరం మొదలవుతుంది, ఈలోగా గడువు దాటిపోతుంది.

వెంటనే వచ్చే టికెట్ నంబరు ధ్రువీకరణ కాదు. మెయిల్ చేరిందనడానికి అది ఆధారం, అంతే. ముగిసే తేదీ స్పష్టంగా రాసిన జవాబు వచ్చేదాకా అదే మెయిల్‌కు రిప్లైగా, టికెట్ నంబరు వేసి మళ్లీ అడగండి. కొత్త మెయిల్ మొదలుపెడితే మొదటి తేదీ మరుగున పడుతుంది. ఫోన్‌లో "అయిపోయింది సార్" అంటే, ఆ మాటనే మెయిల్‌లో రాసి పంపమనండి.

ఆటో డెబిట్ ఆపేస్తే కాంట్రాక్టు రద్దయినట్టే అనుకోవద్దు. బాకీ పెరుగుతూనే ఉంటుంది. ముగింపు తేదీ రాతలో వచ్చి, చివరి బిల్లు కట్టాకే దాన్ని ఆపండి.