రాజీనామాను ఆమోదిస్తూ మేనేజరు రాసే జవాబులో ఏముండాలి?

ప్రశ్న: మా క్యూసీ ల్యాబ్‌లో ఆరేళ్లకు పైగా పనిచేస్తున్న కెమిస్టు మార్చి 6, శుక్రవారం రాత్రి మెయిల్‌లో రాజీనామా పంపారు. నోటీసు 60 రోజులు. నేను మేనేజరునై నాలుగు నెలలే అయింది. ఆమోదిస్తూ, ధన్యవాదాలు చెబుతూ, వెళ్లేలోపు చేయాల్సినవి తెలుపుతూ జవాబు రాయాలి. నేను రాసిన ముసాయిదా మరీ ముక్తసరిగా ఉందని హెచ్‌ఆర్ వారు తిప్పి పంపారు. ఎలా రాయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు:

ముందు చివరి పనిదినం ఏ తేదీయో తేల్చుకుని, ఆ తర్వాతే ఉత్తరం మొదలుపెట్టండి. నేనూ మందుల కర్మాగారంలో క్యూసీ ల్యాబ్ చూసుకునేవాడినే. ఇప్పటికి పద్నాలుగు మంది రాజీనామాలకు జవాబు రాశాను. మొదటి జవాబులో తేదీ రాయకపోవడం వల్ల ఒక అబ్బాయి ఎనిమిది నెలలు ఇబ్బంది పడ్డాడు కనుక అక్కడి నుంచే చెబుతాను.

2019 మార్చి 8, శుక్రవారం రాత్రి అతని రాజీనామా మెయిల్ వచ్చింది. నేను దాన్ని 11న, సోమవారం చూసి, "మీ రాజీనామాను ఆమోదిస్తున్నాం, నోటీసు గడువు ముగిశాక రిలీవ్ చేస్తాం" అని ఒక్క వాక్యం రాసి పంపాను. అతను మెయిల్ పంపిన మర్నాటి నుంచి 60 రోజులు లెక్కపెట్టుకుని, మే 7 తన చివరి రోజని, 8న చేరతానని కొత్త సంస్థకు మాట ఇచ్చాడు. మా హెచ్‌ఆర్ వారు నేను జవాబిచ్చిన మర్నాటి నుంచి లెక్కపెట్టి మే 10 అని నమోదు చేసుకున్నారు. రెండూ 60 రోజుల లెక్కలే, రెండింటిలోనూ తప్పు లేదు. 7న అందరికీ చెప్పి అతను వెళ్లిపోయాడు. పీఎఫ్ ఖాతాలో మాత్రం ఉద్యోగం మానిన తేదీ 10గా, కొత్త సంస్థలో చేరిన తేదీ 8గా పడ్డాయి. ఒకే మనిషి మూడు రోజులు రెండు చోట్ల ఉద్యోగంలో ఉన్నట్టు రికార్డులో కనిపించడంతో పాత ఖాతా సొమ్ము బదిలీకి పెట్టిన దరఖాస్తు తిరస్కరణకు గురైంది. సంస్థ, ఉద్యోగి కలిసి సంతకం చేసే జాయింట్ డిక్లరేషన్ పెట్టి, తేదీ సరిచేయించి, మళ్లీ దరఖాస్తు చేసేసరికి ఆ ఎనిమిది నెలలు గడిచాయి. నేను ఆ రోజు ఒక తేదీ రాసి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

అందుచేత ఆయన నియామక పత్రం తీసి నోటీసు నిబంధన చదవండి. రాజీనామా ఇచ్చిన రోజు నుంచా, అందిన రోజు నుంచా, నోటీసులో సెలవులు పెడితే గడువు పెరుగుతుందా అన్నవి అందులో ఉంటాయి. లేకపోతే హెచ్‌ఆర్‌తో మాట్లాడి ఒక్క లెక్కకు రండి. మెయిల్ పంపిన మర్నాటి నుంచి, అంటే మార్చి 7 నుంచి లెక్కిస్తే, మార్చిలో 25 రోజులు, ఏప్రిల్‌లో 30, మేలో 5 కలిపి 60 అవుతాయి. అప్పుడు చివరి పనిదినం 2026 మే 5, మంగళవారం. తేదీతో పాటు వారం పేరు కూడా రాయండి. అంకె తప్పు పడితే వారం పేరు దాన్ని పట్టిస్తుంది. రిలీవింగ్ లెటర్‌లోనూ, పీఎఫ్‌లోనూ ఇదే తేదీ నమోదవుతుందని ఉత్తరంలోనే చెప్పండి. సంస్థ తేదీ నమోదు చేయకపోతే ఉద్యోగి తానే నమోదు చేసుకునే వీలుంది గానీ, అందుకు రెండు నెలలు ఆగాలి.

ఇక మీ ముసాయిదా ముక్తసరిగా ఉందన్న మాట. కృతజ్ఞత పేరా పొడుగ్గా ఉండనక్కర్లేదు, ఆయనకే చెందిన మాట ఒకటి ఉంటే చాలు. "మీ సేవలు అమూల్యమైనవి" అన్న వాక్యం ఎవరి పేరు మీదకైనా సరిపోతుంది కాబట్టి అది ఎవరికీ తగలదు. ఆరేళ్లలో ఆయన చేసిన ఒక పనిని గుర్తు తెచ్చుకోండి. స్టెబిలిటీ రిజిస్టరును ఆయన క్రమంలో పెట్టి ఉండవచ్చు, కొత్తగా చేరినవారికి హెచ్‌పీఎల్‌సీ నేర్పి ఉండవచ్చు. అదే రాయండి. "మీరు లేని లోటు తీరదు, మరోసారి ఆలోచించండి" అని మాత్రం రాయకండి. ఆపాలనుకుంటే ఎదురుగా కూర్చుని మాట్లాడాలి, ఆమోదించే కాగితంలో ఆ మాట ఉంటే ఆమోదం మీదే అనుమానం వస్తుంది.

వెళ్లేలోపు చేయాల్సిన వాటిలో మన ల్యాబ్‌లకు అతి ముఖ్యమైనది పని అప్పగింత. పరీక్ష చేసినవారే నోట్‌బుక్‌లో సంతకం చేయాలి, ఆయన వెళ్లాక మిగిలిన ఖాళీని మరొకరు నింపడానికి వీల్లేదు. ఒకసారి ఒక కెమిస్టు చివరి రోజు సాయంత్రం నాలుగున్నరకు నోట్‌బుక్ అప్పగించింది. బయట అందరూ కేకు కోయడానికి ఎదురుచూస్తున్నారు. పేజీలు తిప్పుతుంటే ఒకచోట కాలమ్ నంబరు రాయాల్సిన గడి ఖాళీగా కనిపించింది. ఆ నంబరు పరికరం లాగ్‌బుక్‌లో ఉంది కనుక, దాన్ని చూసి, రాస్తున్న రోజు తేదీతోనే, ఆలస్యంగా రాస్తున్నానని కారణం పేర్కొంటూ ఆమే నింపి సంతకం చేసింది. మర్నాడు చూసి ఉంటే ఆ గడి గురించి నేను డీవియేషన్ రాసుకోవాల్సి వచ్చేది. అప్పటి నుంచి నోట్‌బుక్‌ల సమీక్షను చివరి రోజుకు వదలకుండా, పది రోజుల ముందే ముగించేలా ఉత్తరంలో తేదీ వేస్తున్నాను.

ఆయన పేరు మీద ఉన్న స్టెబిలిటీ నమూనాల్లో మే 5 తర్వాత బయటికి తీయాల్సినవి ఉంటాయి. వాటి జాబితాను ఎవరికి అప్పగించాలో పేరుతో రాయండి. "సంబంధిత వ్యక్తికి" అని రాస్తే ఎవరూ తీసుకోరు. పరికరాల సాఫ్ట్‌వేర్‌లో ఆయన యూజర్ ఐడీని చివరి రోజు పని ముగిశాక నిలిపివేయమని ఐటీ వారికి చెప్పాలి, తొలగించమని కాదు. పాత ఫలితాలన్నీ ఆ పేరుతోనే ముడిపడి ఉంటాయి. మధ్యాహ్నమే నిలిపివేస్తే మిగిలిన ఎలక్ట్రానిక్ సంతకాలు ఆగిపోతాయి.

డబ్బు విషయంలో మేనేజరు అంకెలు రాయకూడదు, గడువుల్లో మాత్రం తప్పు రాకూడదు. బకాయిల తుది పరిష్కారం 45 రోజుల్లో అని రాయడం చాలాచోట్ల అలవాటు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ (2019) 17వ సెక్షన్ ప్రకారం రాజీనామా చేసినవారికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. కాబట్టి పాత ఉత్తరం చూసి 45 అని దింపేయకుండా, మీ అకౌంట్స్ వారిని అడిగి రాయండి. ఆయన సర్వీసు ఐదేళ్లు దాటింది గనుక గ్రాట్యుటీ కూడా వస్తుంది, దానికి గడువు 30 రోజులు. లెక్క ఎలా వేస్తారని ఆయన అడిగితే నోటితో చెప్పండి: గ్రాట్యుటీకి పరిగణించే చివరి నెల వేతనం 26,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 15,000, ఆరేళ్లకు 90,000. ఆరేళ్ల మీద ఆరు నెలలు దాటితే ఏడేళ్లుగా లెక్కిస్తారు, దాటకపోతే ఆరే. ఉత్తరంలో ఈ అంకె పెడితే, రేపు అకౌంట్స్ లెక్క వేరుగా వచ్చినప్పుడు మీ సంతకమే వివాదానికి ఆధారమవుతుంది.

చాలామంది మరచిపోయేది ఆరోగ్య బీమా. మా సంస్థలో సంస్థ బీమా చివరి పనిదినంతో ముగుస్తుంది. ఒకాయన తల్లికి ఆపరేషన్ తేదీ ఆ మర్నాటికి పడింది. ముందుగా తెలిసి ఉంటే ఆపరేషన్ తేదీ గురించో, సొంత పాలసీకి మారడం గురించో ఆలోచించుకునేవాడు. మీ సంస్థలో ఎప్పటి వరకు ఉంటుందో కనుక్కుని ఒక వాక్యం రాయండి.

ఇవన్నీ కలిపి, మీ సందర్భానికి నేనైతే ఇలా రాస్తాను:

"శ్రీ (పేరు) గారికి,

2026 మార్చి 6న మెయిల్ ద్వారా మీరు పంపిన రాజీనామాను సంస్థ ఆమోదిస్తోంది. నియామక పత్రంలోని 60 రోజుల నోటీసు ప్రకారం మీ చివరి పనిదినం 2026 మే 5, మంగళవారం. రిలీవింగ్ లెటర్‌లోనూ, పీఎఫ్ రికార్డులోనూ ఇదే తేదీ నమోదవుతుంది.

ఆరేళ్లకు పైగా మీరు మా ల్యాబ్‌లో పనిచేశారు. స్టెబిలిటీ రిజిస్టరును మీరు తీర్చిదిద్దిన తీరు వల్ల ఏ నమూనా ఎక్కడుందో వెతుక్కునే అవసరం మాకు లేకుండా పోయింది. అందుకు నా తరఫున, ల్యాబ్ తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు.

మీ నోట్‌బుక్‌లు, లాగ్‌బుక్‌ల సమీక్ష ఏప్రిల్ 24లోపు ముగిసేలా చూడగలరు. మే 5 తర్వాత తీయాల్సిన స్టెబిలిటీ నమూనాల జాబితాను ఏప్రిల్ 28లోపు (పేరు) గారికి అప్పగించి, ఇద్దరూ సంతకం చేయగలరు. గుర్తింపు కార్డు, లాకర్ తాళం, సంస్థ ఇచ్చిన ఫోను చివరి రోజు సాయంత్రం హెచ్‌ఆర్ విభాగంలో ఇవ్వగలరు. మీ యూజర్ ఐడీలు ఆ రోజు పని ముగిశాక నిలిచిపోతాయి.

మీకు రావాల్సిన వేతనం, మిగిలిన సెలవుల సొమ్ము, గ్రాట్యుటీ నిబంధనల ప్రకారం గడువులోపు మీ బ్యాంకు ఖాతాలో జమ అవుతాయి. లెక్క వివరాలు అకౌంట్స్ విభాగం విడిగా పంపుతుంది. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం చివరి రోజునే అందజేస్తాం. సంస్థ ఆరోగ్య బీమా మే 5 వరకు వర్తిస్తుంది.

ఈ తేదీల్లో దేనితోనైనా ఇబ్బంది ఉంటే ఈ మెయిల్‌కే జవాబుగా తెలియజేయగలరు."

"అనుభవ పత్రం చివరి రోజునే" అన్న మాట హెచ్‌ఆర్ ఒప్పుకుంటేనే ఉంచండి, బీమా వాక్యంలో తేదీ మీ పాలసీని బట్టి మార్చండి. నోటీసు తగ్గించడం, నోటీసు సొమ్ము మాఫీ వంటివి ఆయన అడిగి ఉంటే, అధికారం ఉన్నవారి నుంచి మీకు రాతపూర్వక అనుమతి వచ్చేదాకా ఉత్తరంలో వాటి ఊసు ఎత్తకండి.

ఈ జవాబును కొత్త మెయిల్‌గా కాక, ఆయన పంపిన రాజీనామా మెయిల్‌కే జవాబుగా, హెచ్‌ఆర్‌కు ప్రతి జతచేస్తూ పంపండి. రాజీనామా, ఆమోదం, తేదీ ఒకే వరుసలో ఉంటాయి. పంపే ముందు ఆయన్ను పిలిచి, మే 5 తనకు సరిపోతుందో లేదో, కొత్త చోట ఏ రోజు చేరుతున్నారో ఒకసారి అడగండి. 2019లో నేను అడగనిది ఆ ఒక్క ప్రశ్నే.